దుకాణం పేరుతో బతుకమ్మ శుభాకాంక్షలు రాయడం ఎలా?

బతుకమ్మ దగ్గరపడగానే చీరల దుకాణాలు, నగల షోరూములు, సిమెంటు కంపెనీలు, కోచింగ్ సెంటర్లు ఒకే పూల బొమ్మ కింద ఒకే వాక్యాన్ని అచ్చువేస్తాయి. వాటిలో చాలా భాగం శుభాకాంక్షలు కావు, పూలు చుట్టిన ధరల పట్టికలు. వ్యాపార సంస్థ పండుగకు శుభాకాంక్షలు చెప్పడంలో తప్పేమీ లేదు. చెప్పిన మాటలో పండుగ ఎంత, అమ్మకం ఎంత అన్నది చదివేవారికి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఆ మాటను ఎలా రాయాలో హన్మకొండలోనూ విజయవాడలోనూ శాఖలున్న ఒక చీరల దుకాణాన్ని ఊహించుకుని చెబుతాను.

కావలసినవి మూడే. ఆ ఏటి పంచాంగం, ఈ పండుగ స్వయంగా చేసుకునే ఒక సహోద్యోగిని, నిజమైన బతుకమ్మ ఫొటో ఒకటి. డిజైనర్ చివర్లో వస్తే చాలు.

రోజు, వేళ

బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు సద్దులతో ముగుస్తుంది. తొమ్మిది రోజులకూ తొమ్మిది పోస్టులు తయారుచేసి ఇస్తామని ఏజెన్సీలు ముందుకు వస్తాయి. ఒప్పుకోవద్దు. ఎంగిలిపూల నాడు ఒకటి, సద్దుల నాడు ఒకటి, అంతే. తొమ్మిది పోస్టుల పద్ధతి ఎక్కడ బయటపడిపోతుందంటే ఆరో రోజున. అది అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. అయినా వరుస తప్పకూడదని ఆరో రోజు కూడా నిండుగా పేర్చిన బతుకమ్మ బొమ్మ వేసి శుభాకాంక్షలు చెప్పే సంస్థలను ప్రతి ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ ఒక్క పోస్టుతో మిగతా ఎనిమిది కూడా పండుగ తెలియనివారెవరో తయారుచేసినవేనని చదివేవారికి అర్థమైపోతుంది.

పైగా తేదీలు కూడా ఎప్పుడూ తొమ్మిదే ఉండవు. 2025లో అమావాస్య సెప్టెంబరు 21న, దుర్గాష్టమి 30న వచ్చాయి. అంటే పండుగ పది తేదీల మీద పరుచుకుంది. వేములవాడలోనైతే ఏడో రోజుకే సద్దులు చేస్తారు. కాబట్టి శాఖ ఉన్న ఊరిలో అడగకుండా తేదీ వేయకూడదు.

అమావాస్య నాటి వేళ గురించి మరో మాట. ఆ రోజే పెత్తరమాస. పొద్దున ఇళ్లలో పెద్దల పేరున బియ్యం ఇచ్చుకుంటారు, సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మ ఆడతారు. ఉదయం ఆరు గంటలకు తనంతట తానే వెళ్లిపోయేలా పెట్టిన ఉత్సాహభరితమైన పోస్టు, తండ్రి పేరున బియ్యం కొలుస్తున్న మనిషి ఫోనులో మోగుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక పంపాలి. విజయవాడ శాఖ ఖాతా వేరుగా ఉంటే ఆ రోజు దాని నుంచి ఏమీ పంపనక్కరలేదు. అక్కడి కొనుగోలుదారుల్లో చాలామందికి అది మహాలయ అమావాస్య మాత్రమే.

ఫొటో

దుకాణంలో పనిచేసేవారు పేర్చిన బతుకమ్మనే, వారిని అడిగి, ఫొటో తీయాలి. తంగేడు, గునుగు, బంతి కనిపించాలి, పైన పసుపు గౌరమ్మ ఉండాలి. కోలాటపు కర్రలు పట్టుకున్న గుజరాతీ వేషధారణ బొమ్మను బతుకమ్మ పేరుతో వాడకూడదు. సంస్థ ముద్ర ఫొటో కింది మూలన చిన్నగా ఉండాలి. గౌరమ్మ ఉండవలసిన చోట సంస్థ ముద్రను కూర్చోబెట్టి అదే గొప్ప ఆలోచన అనుకునే డిజైనర్లు ఉన్నారు. పూజ అందుకునే స్థానమది. దాన్ని మీ కంపెనీకి ఇచ్చుకోవడం ఎంత చిన్న బొమ్మలోనైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మాట

ఇక్కడే అందరూ తడబడతారు కనుక ఇక్కడ తొందరపడవద్దు. మన దుకాణానికి మొదట ఇలాంటి చిత్తుప్రతి వస్తుంది:

"తెలంగాణ ఆడబిడ్డలందరికీ బతుకమ్మ శుభాకాంక్షలు! ఈ బతుకమ్మను మా పట్టుచీరలతో మరింత రంగులమయం చేసుకోండి! 40 శాతం వరకు తగ్గింపు!"

మొదట తగ్గింపును తీసేయాలి. అక్షరాలు చిన్నవి చేసి కింద పెట్టడం కాదు, పూర్తిగా తీసేయాలి. తగ్గింపు ప్రకటించడం దుకాణానికి ఉన్న హక్కే, పండుగకు చీర కొనేవారికి ఆ సమాచారం కావాలి కూడా. కానీ అది శుభాకాంక్షలకు కనీసం నాలుగు రోజుల ముందు, పండుగ దీవెనలేమీ లేకుండా, అచ్చమైన ప్రకటనగా వెళ్లాలి. కొనేవారు ఎలాగూ అమావాస్యకు ముందే కొంటారు కాబట్టి వ్యాపారానికీ అదే మేలు. రెండూ ఒకే చోట ఉంటే ప్రకటన బలం తగ్గదు, శుభాకాంక్షలే అబద్ధమైపోతాయి. అనుమానం ఉంటే శుభాకాంక్షల వాక్యాన్ని వేలితో మూసి మిగతాది చదవండి. మిగిలింది సంపూర్ణమైన ప్రకటనగా నిలబడితే, మూసిన వాక్యం అలంకారం కోసం పెట్టిందే.

రెండోది "మా పట్టుచీరలతో రంగులమయం" అన్న వాక్యం. ఇది ధర చెప్పదు కనుక నిరపాయమనిపిస్తుంది, నిజానికి తగ్గింపు కంటే ఇదే ఎక్కువ ఎబ్బెట్టు. మీ చీర లేకపోతే ఆ పండుగ వెలవెలబోతుందని ఆ వాక్యం చెబుతోంది. పొలంగట్ల మీద కోసుకొచ్చిన తంగేడుతో, గునుగుతో జరిగే పండుగ అది. దానికి రంగు మీరు తెచ్చిపెట్టడం లేదు. శుభాకాంక్షల్లో సరుకు పండుగకు కారణంగానో, సాధనంగానో, మెరుగుగానో కనిపించకూడదు. "మాతో జరుపుకోండి", "మా తోడుగా", "మా నమ్మకంతో" వంటివన్నీ ఈ కోవలోనివే. "ఉయ్యాలో" అంటూ తగ్గింపుల మీద పాట కట్టడం ఇంకా ఘోరం. ఆ బాణీలో ఆడవాళ్లు తమ కష్టాలు, ఆత్మత్యాగాల కథలు కూడా పాడుకుంటారు. దానిలో ధరలు దూర్చిన వీడియో చూసి నవ్వేవారు మీరు అనుకున్న కారణానికి నవ్వరు.

మూడోది సంబోధన. దీని మీద నాతో చాలామంది వాదిస్తారు. "ఆడబిడ్డలు" అని రాస్తే ఆప్యాయంగా ఉంటుందంటారు. ఆడబిడ్డ అని పిలిచే హక్కు పుట్టింటిది, పుట్టిల్లు పండుగకు చీర పెడుతుంది. 2017 నుంచి కొన్నేళ్లపాటు తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించిన చీరలను ఆడబిడ్డలకు బతుకమ్మ కానుక అంటూ పంచింది. ఆ పిలుపు రాజకీయమే అయినా చీర మాత్రం ఉచితంగానే ఇచ్చింది. మీరు బిల్లు వేసి అమ్ముతూ పుట్టింటి మాట వాడితే చదివేవారు ఆ తేడాను వెంటనే పట్టుకుంటారు. దుకాణానికీ కొనుగోలుదారుకూ మధ్య ఉన్నది మర్యాదగల పరిచయం, అందులో చిన్నతనం ఏమీ లేదు. దానికి "మీరు", "మీ కుటుంబం" చాలు. "అక్కాచెల్లెళ్లకు" అన్నది కొంత నయమని కొందరంటారు, నేను అదీ ఒప్పుకోను.

ఈ మూడూ తీసేశాక ఇంత మిగులుతుంది: "మా దుకాణానికి వచ్చే వారందరికీ, వారి కుటుంబాలకూ సద్దుల బతుకమ్మ శుభాకాంక్షలు." తప్పు లేని వాక్యమే, కానీ ఇంకా ఖాళీగా ఉంది. బతుకమ్మ తీసి దీపావళి పెట్టినా, చీరల దుకాణం తీసి సిమెంటు కంపెనీ పెట్టినా ఇది అలాగే చెల్లుతుంది. ఆ ఖాళీని విశేషణాలతో నింపాలన్న కోరిక పుడుతుంది. "ప్రకృతి ఒడిలో పూల సింగిడి" అంటూ మొదలుపెడితే ఇక ఆపలేరు. విశేషణం బదులు ఆ దుకాణం మాత్రమే చెప్పగల నిజాన్ని ఒకటి చేర్చాలి. మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది:

"మా హన్మకొండ దుకాణానికి వచ్చే వారందరికీ, వారి కుటుంబాలకూ సద్దుల బతుకమ్మ శుభాకాంక్షలు. మా దగ్గర పనిచేసేవారు బతుకమ్మ పేర్చుకుని చెరువుకు వెళ్లవలసి ఉన్నందున ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలకే దుకాణం మూసివేస్తున్నాము."

రెండో వాక్యంలో పండుగను పొగిడే మాట ఒక్కటీ లేదు. అయినా మొత్తం ప్రకటనలో పండుగ పట్ల గౌరవం కనిపించేది అక్కడే. అమ్మకం జోరుగా ఉండే సాయంత్రాన్ని దుకాణం వదులుకుంటోంది, కారణం కూడా చెబుతోంది. చదివేవారికి పనికొచ్చే సమాచారమూ అందుతోంది. అయితే ఇది నిజమైతేనే రాయాలి. సేల్స్ కౌంటరులో ఉన్న అమ్మాయిలను రాత్రి తొమ్మిదింటి వరకు నిలబెట్టి ఈ వాక్యం రాసిన దుకాణం సంగతి ఊరంతటికీ తెలియడానికి ఒక్క రోజు కూడా పట్టదు. ముందుగా మూసే ఉద్దేశం లేకపోతే మొదటి వాక్యంతోనే ఆపేయండి. ఖాళీ వాక్యం వల్ల ఎవరికీ కోపం రాదు.

ఆశ్చర్యార్థకం వద్దు, హ్యాష్‌ట్యాగు వద్దు, ఫోను నంబరు వద్దు. "హ్యాపీ బతుకమ్మ" అని రాయవద్దు. రెండు వాక్యాలు దాటవద్దు.

చూపించాక పంపడం

రాసినదాన్ని పండుగ చేసుకునే ఆ సహోద్యోగినికి ఇచ్చి "బాగుందా" అని అడగకండి, బాగుందనే అంటారు. గట్టిగా చదవమనండి. ఎక్కడ గొంతు తగ్గిందో, ఎక్కడ నవ్వు వచ్చిందో అక్కడ దిద్దండి.

పంపాక వ్యాఖ్యల కింద ఎవరో ఒకరు చీర ధర అడుగుతారు. ధర అక్కడ రాయకుండా, "వివరాలు మీకు విడిగా పంపుతున్నామండి" అని ఒక్క మాట రాసి విడిగా పంపండి. తేదీనో, రోజు పేరునో తప్పు రాశారని ఎవరైనా చెబితే కృతజ్ఞతలు చెప్పి అక్కడే దిద్దండి, వారి వ్యాఖ్యను తొలగించకండి. దసరా అమ్మకాల ప్రకటన సిద్ధంగా ఉంటే సద్దుల మర్నాడు ఉదయం దాకా ఆపండి. శుభాకాంక్షల పోస్టును డబ్బు కట్టి మరింతమందికి చేరవేసే బటను అక్కడే కనిపిస్తూ ఉంటుంది, దాన్ని మాత్రం నొక్కకండి. "ప్రకటన" అన్న ముద్రతో వెళ్లిన శుభాకాంక్షలను ఎంత జాగ్రత్తగా రాసినా చదివేవారు ప్రకటనగానే చదువుతారు.