పీ-వాల్యూ 0.04 అంటే 96 శాతం గ్యారంటీ కాదు

మా నల్లగొండ దిక్కు బత్తాయి తోటలో పిందె రాలకుండా ఒక మందు కొట్టి, కొట్టని చెట్లతో పోల్చారనుకోండి, స్క్రీన్ మీద p = 0.04 అని వచ్చింది. "ఇంకేం, మందు పనిచేస్తుందని 96 శాతం ఖాయం" అని మాత్రం రిపోర్టులో రాయకండి, అది తప్పు. మందులో అసలు పసే లేదనుకుంటే, చెట్టుకూ చెట్టుకూ మామూలుగా ఉండే తేడాల వల్లే ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ కనబడే అవకాశం 4 శాతం, అది చెప్పేది అంతే.

లెక్క వేసి చూడండి. ఇలాంటి 100 మందుల్లో నిజంగా పనిచేసేవి 10 అనుకుందాం, మన పరీక్ష వాటిలో 8 పట్టుకుంటుంది. మిగతా 90 ఉత్తవే, కానీ p 0.05 కన్నా తక్కువ వస్తే "సిగ్నిఫికెంట్", అంటే తేడాను లెక్కలోకి తీసుకోవచ్చు అని గీత పెట్టుకున్నాం కాబట్టి, వాటిలోనూ సగటున నాలుగైదు "సిగ్నిఫికెంట్" అనే వస్తాయి. అంటే గీత దాటిన పన్నెండు పదమూడింటిలో మూడో వంతుకు పైగా పనికిరానివే!

అందుకే పీ-వాల్యూ చూశాక, చెట్టుకు ఎన్ని కాయలు ఎక్కువ నిలిచాయో కూడా చూడండి. వేల చెట్లు లెక్కబెడితే చెట్టుకు రెండు కాయల తేడాకే p చిన్నగా వచ్చేయొచ్చు, మందు ఖర్చు మాత్రం తిరిగి రాదు.