అనుమతి ఉన్నా ఆదాయం రాలేదు

ఒంగోలు గిత్తల బండలాగుడు వీడియోలను మిత్రుల అనుమతితో తీసుకుని, పాట జోడించి మా తమ్ముడు తన ఛానల్లో పెట్టేవాడు. ‘రీయూజ్డ్ కంటెంట్’ అంటూ యూట్యూబ్ ఆదాయానికి ఒప్పుకోలేదు. కాపీరైట్ ఫిర్యాదు ఒక్కటీ లేదు, కానీ ఈ నియమం వేరు. అనుమతి ఉన్నా సరే, మనం కొత్తగా ఏమి చేర్చామన్నదే ఇక్కడ లెక్క. యూట్యూబ్ పరిశీలకులు ఎక్కువ మంది చూసిన వీడియోలనూ, కొత్తవాటినీ ముఖ్యంగా చూస్తారు కాబట్టి వాటిలోని అరువు వీడియోలను ముందు తీసేశాం. తర్వాత అద్దంకి దగ్గర పోటీని తమ్ముడే చిత్రీకరించాడు. బండ కదిలే క్షణంలో దృశ్యాన్ని ఆపి, ఎడమ గిత్త ముందుకాలు ఎందుకు జారిందో, కాడి ఎటు వాలిందో తన గొంతుతో వివరించాడు. ఒకే వ్యాఖ్యానాన్ని అన్నింటికీ అతికించకుండా, ఏ జత సంగతి ఆ జతకే చెప్పాడు. తిరస్కరించాక ఆగాల్సిన 30 రోజుల గడువు ముగిశాక మళ్లీ దరఖాస్తు చేస్తే ఆమోదం వచ్చింది.