శనివారం సాయంత్రం పుస్తకం – 3వ పాఠం: ‘అయిపోవచ్చింది’ అనే మాట

పోయిన పాఠంలో మన మీద ఉన్న పనులన్నీ ఒకే నోటుబుక్కులోకి ఎక్కించాం. ఇప్పుడు వాటిని ముందూ వెనకా పేర్చి, ఒక్కోదాని ఎదురుగా అది ఎంతవరకు వచ్చిందో ఉన్నదున్నట్టు రాద్దాం. నేను హన్మకొండలో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసులో పనిచేస్తాను. ఉదాహరణ కూడా అక్కడిదే తీసుకుంటాను.

2025 నవంబరు 8, శనివారం. నా పుస్తకంలో నాలుగు పనులున్నాయి. ఎనుమాముల వైపు ఒక జిన్నింగు మిల్లుకు అక్టోబరు అమ్మకాల జీఎస్టీఆర్-1 వేయాలి, గడువు 11. ఒక ఐరన్ షాపుకు వచ్చిన నోటీసుకు 13లోగా జవాబివ్వాలి. ఒక కిరాణా హోల్‌సేల్ షాపుకు జీఎస్టీఆర్-3బి, అంటే నెల పన్ను లెక్కగట్టి కట్టే రిటర్ను, వేయాలి, గడువు 20. నాలుగోది పాత బిల్లుల ఫైళ్లు సర్దడం. వారమంతా సార్ గట్టిగా అడిగింది ఈ నాలుగోదాన్నే.

ముందు తొందర చూద్దాం. గడువు తేదీ ఒక్కటే చూస్తే మోసపోతాం. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. నోటీసు జవాబుకు 13 దాకా టైముందనిపిస్తుంది. కానీ బ్యాంకు స్టేట్‌మెంటు, ఈ-వే బిల్లుల కాపీలు చేతికి రావడానికి రెండు రోజులు, సార్ చదివి దిద్దడానికి ఒక రోజు పడుతుంది. అంటే సోమవారం 10 పొద్దున్నే షాపాయనకు ఫోన్ చేయాలి. పుస్తకంలో రాయాల్సిన తేదీ 13 కాదు, 10. కిరాణా షాపు పని మాత్రం ఇప్పుడు ముట్టుకున్నా లాభం లేదు. కొనుగోళ్ల లెక్క చూపే జీఎస్టీఆర్-2బి పోర్టల్‌లో 14న గానీ రాదు.

తర్వాత ప్రభావం. ‘ఇది ఆగితే ఎవరికి ఏం నష్టం?’ అని ఒక్క వాక్యం రాయండి. మిల్లు జీఎస్టీఆర్-1 ఆలస్యమైతే లేటు ఫీజు రోజుకు 50 రూపాయలు, చిన్నదే అనిపిస్తుంది. అసలు దెబ్బ వేరే చోట పడుతుంది. 11 దాటి 12న వేస్తే ఆ బిల్లులు దూది కొన్నవాళ్ల ఈ నెల 2బిలో కనిపించవు, వచ్చే నెలలో వస్తాయి. కొన్నప్పుడు కట్టిన పన్నును తమ పన్నులోంచి తగ్గించుకునే వాళ్ల ట్యాక్స్ క్రెడిట్ నెల రోజులు ఆగిపోతుంది. మిల్లుకు ఫోన్లు అక్కడి నుంచి మొదలవుతాయి. ఒక్క రోజు ఆలస్యం ఇంకొకరికి నెల ఆలస్యమైంది కనుక మిల్లు పని మొదటిది, నోటీసు రెండోది, 3బి మూడోది. ఫైళ్లు ఆగితే ఎవరికీ పైసా నష్టం లేదు, కాబట్టి చివరిది. ‘ఫైళ్లు 15 తర్వాత సర్దుతాను సార్, ముందు ఈ మూడున్నాయి’ అని పుస్తకం చూపించి చెప్పాను. ఒప్పుకున్నారు.

ఇక కష్టమైన భాగం, స్టేటస్. మిల్లు పని ఎదురుగా అంతకు ముందు శనివారం నేను రాసిన మాట ‘అయిపోవచ్చింది’. ఈ శనివారమూ చేయి అదే రాయబోయింది. అబద్ధం పట్టుకునే గుర్తు ఇదే: ఒకే మాట రెండు వారాలు వరుసగా వస్తే పని కదల్లేదు. నిజానికి మూడు బిల్లులు మిల్లు గుమస్తా దగ్గరే ఉండిపోయాయి. ‘గా మూడు బిల్లులు రేపు పంపిస్త అన్నా’ అని ఆయన అన్నాడు, నేను అక్కడితో వదిలేశాను. పోర్టల్‌లో మిగతా బిల్లులన్నీ ఎక్కించి సేవ్ చేసి ఉన్నా, ఫైల్ కానంతవరకు అది వేసిన రిటర్ను కాదు.

అందుకే నేను నాలుగే మాటలు వాడతాను: మొదలుపెట్టలేదు, నడుస్తోంది, ఆగింది, అయిపోయింది. శాతాలు రాయను. ‘అయిపోయింది’ అని రాయాలంటే రుజువు పక్కనే ఉండాలి. రిటర్నుకైతే ఫైల్ చేశాక వచ్చే ఏఆర్ఎన్ నంబరు. ‘ఆగింది’ అని రాస్తే ఎవరి దగ్గర, ఎప్పటి నుంచి, నేను చివరిసారి ఎప్పుడు అడిగానో కూడా రాయాలి. వాట్సాప్‌లో ఒక మెసేజి పెట్టి ఊరుకోవడాన్ని అడగడం కింద లెక్కేయకండి. ఆ మూడో వివరమే మన తప్పును బయటపెడుతుంది. నా పుస్తకంలో ఆ రోజు ఇలా రాశాను:

‘మిల్లు జీఎస్టీఆర్-1: ఆగింది. మూడు బిల్లులు గుమస్తా దగ్గర, 3వ తేదీ నుంచి. చివరిసారి అడిగింది 4న. నాలుగు రోజులు నేనే ఊరుకున్నాను.’

ఆ చివరి వాక్యం రాయడానికి మనసొప్పలేదు. రాసిన ఐదు నిమిషాలకే బండి తీసి మిల్లుకు పోయాను. బిల్లులు అక్కడే ఫోటో తీసుకున్నాను. సోమవారం సాయంత్రానికి ఏఆర్ఎన్ వచ్చింది.

వచ్చే పాఠానికి మీ పని: పుస్తకంలో ‘నడుస్తోంది’ అని ఉన్న ప్రతి పని పక్కన, ఈ వారం దాని మీద మీరు చేసిన చివరి పనినీ తేదీనీ రాయండి. తేదీ గుర్తురాకపోతే ఆ మాట కొట్టేసి ‘ఆగింది’ అని మార్చండి.