స్క్వాట్‌లో తొడ లోపలి కండరాలతో పని చేయించడం ఎలా?

జిమ్‌లో తొడ లోపలి కండరాల ప్రస్తావన వచ్చేది దాదాపు ఒక్క చోటే. కూర్చుని రెండు మోకాళ్లనూ దగ్గరికి నొక్కే మెషీన్ ఉంటుంది కదా, అక్కడ. స్క్వాట్ దగ్గరికి వచ్చేసరికి మాటలన్నీ తొడ ముందు భాగం గురించి, పిరుదుల గురించే నడుస్తాయి. నిజానికి గొంతుక్కూర్చున్న చోటు నుంచి పైకి లేవాలంటే ఈ లోపలి కండరాల సాయం చాలా కావాలి. మోకాలు లోపలికి పడిపోతున్నా, నడుము ఒక పక్కకి జరిగిపోతున్నా ముందు వీటిని పరీక్షించాలన్నది నా గట్టి అభిప్రాయం.

1. ముందు ఆ కండరాన్ని చేత్తో పట్టుకుని చూడండి

కుర్చీ అంచున కూర్చోండి. పాదాలు భుజాలంత వెడల్పులో ఉంచండి. కుడి అరచేతిని కుడి తొడ లోపలి వైపు, సగానికి కాస్త పైన, కొంచెం వెనక్కి ఆనించండి. ఇప్పుడు ముందుకు వంగి, పిరుదులు కుర్చీని వదిలేంత వరకే లేచి అక్కడే ఆగండి. మోకాళ్లను దగ్గరికి నొక్కకపోయినా మీ చేతి కింద కండరం బిగుసుకోవడం తెలుస్తుంది. పూర్తిగా నిలబడితే మళ్లీ మెత్తబడుతుంది.

అక్కడ ఉన్నవి ఐదు కండరాలు. వీటన్నిటినీ కలిపి అడక్టర్లు అంటారు. స్క్వాట్‌కి సంబంధించినంత వరకు వాటిలో రెండింటి పేర్లు గుర్తుంటే చాలు. అన్నిటికంటే పెద్దది అడక్టర్ మాగ్నస్. సన్నగా, పొడుగ్గా ఉండి మోకాలిని దాటి వెళ్లేది గ్రాసిలిస్.

2. అది ఎందుకు బిగుసుకుందో అర్థం చేసుకోండి

కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే ఎముక ఉంటుంది కదా, మాగ్నస్ వెనక భాగం అక్కడ మొదలై తొడ ఎముక లోపలి వైపుగా దిగి మోకాలికి కాస్త పైన అతుక్కుంటుంది. నిటారుగా నిలబడినప్పుడు ఈ కండరం తుంటి కీలుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి లాగడానికి దానికి పెద్దగా పట్టు దొరకదు. గొంతుక్కూర్చున్నప్పుడు తొడ పైకి మడుచుకుంటుంది, కండరం కీలుకి దూరంగా జరుగుతుంది. అప్పుడు అదే లాగుడుకి ఎక్కువ బలం వస్తుంది. పిరుదుల కండరానిది దీనికి తిరగబడిన కథ. అది బాగా పని చేసేది పైకి వచ్చేశాక, నడుము నిటారు చేసే చివరి భాగంలో.

తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలు ఆ పని చేయవా అని అడగొచ్చు. చేస్తాయి గానీ వాటికో ఇబ్బంది ఉంది. అవి తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వెళ్తాయి కాబట్టి గట్టిగా లాగితే మోకాలు కూడా మడుచుకోబోతుంది. లేచేటప్పుడు మనకు కావలసింది మోకాలు తెరుచుకోవడం. మాగ్నస్ మోకాలి కింద దాకా వెళ్లదు కాబట్టి ఎంత లాగినా తొడ ముందు కండరాల పనికి అడ్డం రాదు.

2019లో జపాన్ పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. 10 వారాల పాటు కొందరితో పూర్తి లోతు స్క్వాట్లు, మరికొందరితో సగం లోతు స్క్వాట్లు చేయించారు. పూర్తిగా కూర్చున్నవాళ్లలో అడక్టర్ల పరిమాణం 6.2 శాతం పెరిగింది, సగం కూర్చున్నవాళ్లలో 2.7 శాతమే. హామ్‌స్ట్రింగ్స్ రెండు గుంపుల్లోనూ చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.

3. పాదాల వెడల్పును నడుము చూసి నిర్ణయించుకోండి

పాదాలు భుజాలంత వెడల్పులో లేదా ఇంకో జానెడు ఎక్కువ దూరంలో, వేళ్లు కొద్దిగా బయటికి తిప్పి నిలబడండి. బరువేమీ లేకుండా, ఫోన్‌ను పక్క నుంచి పెట్టి వీడియో తీసుకుంటూ నెమ్మదిగా కూర్చోండి. ఒక లోతు దాటాక నడుము కింది భాగం గుండ్రంగా లోపలికి చుట్టుకుంటుంది. మాగ్నస్ సాగగలిగినంత సాగిపోయి, కటి ఎముకను తన వైపు లాగేయడం దీనికి ఒక కారణం. తుంటి కీలు ఆకారం, చీలమండ కీలు బిగుసుకుపోవడం కూడా కారణాలే.

రెండు మూడు వెడల్పుల్లో ప్రయత్నించండి. ఏ వెడల్పులో నడుము చుట్టుకోకుండా ఎక్కువ లోతుకి వెళ్లగలుగుతున్నారో ప్రస్తుతానికి అదే మీ వెడల్పు. పాదాలు మరీ దూరంగా పెడితే అడక్టర్ల మీద పని పెరుగుతుంది, కానీ గజ్జల్లో లాగుడు కూడా పెరుగుతుంది. కొత్తవాళ్లకు అది అనవసరం.

4. మూడు సెకన్లలో దిగండి, కింద ఒక సెకను ఆగండి

దిగేటప్పుడు మోకాళ్లు కాలి రెండో వేలు వైపు చూస్తూ వెళ్లాలి. అలా వెళ్తేనే అడక్టర్లు సాగుతూ బరువు మోస్తాయి. బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, మడమ, ఈ మూడూ నేలకు ఆనే ఉండాలి. మోకాళ్లను బయటికి తోయమని చెప్తే కొందరు మరీ తోసేస్తారు. పాదం లోపలి అంచు లేచిపోతే మీరూ అదే చేస్తున్నారని గుర్తు.

కింద ఆగే ఆ ఒక్క సెకను ముఖ్యం. వేగంగా దిగి ఎగిరినట్టు లేస్తే కండరాల సాగుడు వల్ల వచ్చే ఊపు కొంత పని చేసేస్తుంది, ఎవరు ఎంత మోస్తున్నారో తెలియదు.

5. లేచేటప్పుడు మోకాలిని, నడుమును చూడండి

అడక్టర్లు తొడను వెనక్కి లాగుతూనే లోపలికీ లాగుతాయి. పిరుదుల కండరాలు వెనక్కి లాగుతూ బయటికి లాగుతాయి. రెండూ సమానంగా లాగితే కాడికి కట్టిన జోడెడ్లలా తొడ తిన్నగా నడుస్తుంది. ఒకటి వెనకబడితే తొడ దారి తప్పుతుంది.

మోకాలి దగ్గర ఇంకో రెండు విషయాలున్నాయి. గ్రాసిలిస్ మోకాలి లోపలి వైపు నుంచి దిగి మోకాలి కింద ముంగాలి ఎముకకు అతుక్కుంటుంది కాబట్టి, మోకాలు లోపలికి విరిగినట్టు పడకుండా పక్క నుంచి కాస్త ఆపుతుంది. మోకాలి చిప్పకు పైన లోపలి వైపు ఉబ్బెత్తుగా కనిపించే కండరం ఉంది కదా, దాని పోగుల్లో కొన్ని మాగ్నస్ స్నాయువు మీదనే మొదలవుతాయి. అంటే మాగ్నస్ బిగువుగా ఉంటే చిప్పను పట్టుకునే కండరానికి గట్టి ఆధారం దొరుకుతుంది. అలాగని మోకాళ్ల మధ్య బంతి పెట్టి నొక్కుతూ స్క్వాట్ చేస్తే చిప్ప నొప్పి పోతుందనే మాటను నేను నమ్మను. దానిపై పరిశోధనల ఫలితాలు ఒకే దారిలో లేవు.

మోకాలు లోపలికి పడుతుంటే ముందు మడమల కింద రెండున్నర కిలోల ప్లేట్లు పెట్టి మళ్లీ చేయండి. మోకాలు కుదురుగా నిలిస్తే సమస్య చీలమండ కీలు బిగుతులో ఉండొచ్చు. నిలవకపోతే తుంటి దగ్గర వెతకాలి.

6. ఏ పక్క బలహీనమో తేల్చుకోండి

ఒక బెంచీ పక్కన ఎడమ వైపుకి తిరిగి పడుకోండి. ఎడమ మోచేయి నేల మీద, కుడి మోకాలి లోపలి భాగం బెంచీ మీద, ఎడమ కాలు బెంచీ కింద. ఇప్పుడు నడుమును పైకి లేపి ఒంటిని గీత గీసినట్టు నిలపండి. మిమ్మల్ని మోసేది కుడి తొడ లోపలి కండరాలు. నడుము కిందికి జారకుండా ఎన్ని సెకన్లు ఉండగలిగారో చూసి, రెండో వైపు కూడా చేయండి. దీన్ని కోపెన్‌హేగన్ ప్లాంక్ అంటారు. మోకాలికి బదులు చీలమండ దగ్గర ఆనిస్తే ఇది చాలా కష్టమవుతుంది, మొదట్లోనే అలా చేయకండి. నార్వే ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఈ వ్యాయామాన్ని క్రమం తప్పకుండా చేస్తే గజ్జల సమస్యల ముప్పు 41 శాతం తగ్గిందని 2019లో తేలింది.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన సంగతి చెప్తాను. వయసు 36, బ్యాంకులో ఉద్యోగం. 50 కిలోలతో స్క్వాట్ చేస్తే లేచేటప్పుడు కుడి మోకాలు లోపలికి వచ్చేది. అడక్టర్లు మరీ బిగుతుగా ఉన్నాయని ఎవరో చెప్తే, రోజూ సాగదీస్తూ మోకాళ్లకు రబ్బరు బ్యాండు కట్టుకునేవాడు. వెనక నుంచి వీడియో తీస్తే అసలు విషయం బయటపడింది. లేచేటప్పుడు నిక్కరు నడుం పట్టీ మొత్తం ఎడమకు జరుగుతోంది. మడమల కింద ప్లేట్లు పెట్టినా తేడా రాలేదు. ప్లాంక్‌లో ఎడమ అడక్టర్లు 25 సెకన్లు నిలిస్తే, కుడివి 9 సెకన్లకే వణికిపోయాయి.

అంటే లోపలికి పడుతున్న వైపునే లోపలి కండరం బలహీనంగా ఉంది. కుడి వైపు నుంచి పైకి తోసే బలం చాలక ఒళ్లంతా ఎడమ కాలి మీదికి వాలుతోంది, కుడి పాదం నేలకు అతుక్కునే ఉంటుంది కాబట్టి ఎడమకు జరిగే కటి వెంట కుడి మోకాలు కూడా వెళ్లిపోతోంది. అక్కడ సాగదీయడం వల్ల ఉపయోగం లేదు.

బరువు 30 కిలోలకు తగ్గించాం. వెనక మోకాలెత్తు పెట్టె పెట్టి, దాన్ని తాకీ తాకనట్టు కూర్చుని, రెండు సెకన్లు ఆగి లేవడం, 8 సార్లు చొప్పున మూడు సెట్లు. రెండు వారాలకోసారి పెట్టె ఎత్తు ఐదు సెంటీమీటర్లు తగ్గించాం. వారానికి రెండు రోజులు ప్లాంక్, ముందు కుడి వైపు, తర్వాత ఎడమకూ అంతే సమయం, ఎక్కువ కాదు. ఎనిమిదో వారానికి కుడి వైపు 22 సెకన్లకు వచ్చింది. 45 కిలోల దాకా నడుం పట్టీ తిన్నగా ఉంది. 50 దగ్గర మాత్రం చివరి రెండు మూడు సార్లు ఇంకా కొంచెం జరుగుతోంది, అందుకే బరువు అక్కడే ఆపాం.

7. నొప్పి ఎక్కడుందో చూసి ముందుకెళ్లండి

ఈ కండరాలు కొత్త పనికి తేలిగ్గా పట్టేస్తాయి. మొదటి వారం ప్లాంక్ ఒక్కో వైపు రెండు సార్లు, పది సెకన్ల చొప్పున చేస్తే చాలు. వెల్లకిలా పడుకుని, కాళ్లు చాపి, చీలమండల మధ్య ఎవరినైనా చెయ్యి పెట్టమని ఐదు సెకన్లు గట్టిగా నొక్కండి. గజ్జల్లో నొప్పిని పదికి ఇన్ని అని చెప్పుకోండి. రెండు వరకు ఉంటే కొనసాగించండి. మూడు నుంచి ఐదు ఉంటే లోతు, బరువు తగ్గించండి. ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

లోతుగా కూర్చున్నప్పుడు తొడ లోపలి వైపు లాగినట్టు ఉంటే అది కండరం. గజ్జల ముందు భాగంలో, మడత దగ్గర గుచ్చినట్టు, ఏదో నలిగినట్టు ఉంటే అది చాలాసార్లు తుంటి కీలు నుంచి వచ్చేది, ఈ వ్యాయామాలతో దాన్ని సరిచేయాలని చూడకండి. ప్రసవం తర్వాత కటి ముందు ఎముకల కలయిక దగ్గర నొప్పి ఉన్నవాళ్లు పాదాలు దూరంగా పెట్టే స్క్వాట్లను, ప్లాంక్‌నూ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. టప్‌మని తెగినట్టు అనిపించి తొడ లోపల కమిలినా, దగ్గినప్పుడు గజ్జల్లో ఉబ్బు కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.