జాజికాయ పాలు తాగాక గుండె దడ, నోరు ఎండిపోవడం: ఎందుకు, ఏం చేయాలి

సమస్య: నిద్ర పట్టట్లేదని రాత్రి పదింటికి గ్లాసు పాలల్లో రెండు టీస్పూన్ల జాజికాయ పొడి కలుపుకుని తాగారనుకోండి, గంట దాటినా ఏమీ అనిపించదు, పని చేయలేదేమో అని ఇంకో స్పూను వేసుకుంటారు. అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది అసలు కథ. నోరు పిడచకట్టుకుపోతుంది, గుండె దడదడలాడుతుంది, కళ్ళు తిరుగుతాయి, వాంతి వచ్చేలా ఉంటుంది, కొందరికి భయం, కంగారు, లేనివి కనిపించడం కూడా.

కారణం: జాజికాయలో మిరిస్టిసిన్ అనే నూనె పదార్థం ఉంటుంది, వాసన ఇచ్చే నూనెలో అదీ ఒక భాగమే, చిటికెడులో ఏం చేయదు కానీ ఎక్కువైతే నరాల మీద పనిచేస్తుంది. టీస్పూను పొడి సుమారు 2 గ్రాములు, ఒక పూర్తి కాయ 5 నుంచి 7 గ్రాములు. 5 గ్రాములకి అటూ ఇటూగా చాలామందిలో విషలక్షణాలు కనిపించాయి, కొందరికి అంతకంటే తక్కువకే వస్తాయి. ఇంకో తిరకాసు ఏంటంటే ప్రభావం 3 నుంచి 6 గంటలు లేటుగా మొదలవుతుంది, అందుకే రెండో డోసు వేసుకుని ఇరుక్కుంటారు. అప్పుడే తురిమిన కాయ ఘాటు ఎక్కువ, ఏడాదిగా డబ్బాలో పడున్న పొడిది తక్కువ, కాబట్టి స్పూను లెక్క ఒకేలా ఉండదు.

ఏం చేయాలి: దీనికి విరుగుడు మందు లేదు. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే పని పెట్టుకోకండి. నోరు ఎండటం, కాస్త కళ్ళు తిరగడం వరకే అయితే డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు, బండి నడపనివ్వొద్దు, తగ్గడానికి ఒక రోజు పట్టొచ్చు, కొందరికి ఇంకాస్త ఎక్కువ. దడ ఆగకపోయినా, మాట తడబడినా, మూత్రం రాకపోయినా, ఫిట్స్ వచ్చినా 108కి చేయండి. పిల్లలూ గర్భిణులూ అయితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెళ్ళిపోండి. ఆస్పత్రిలో "జాజికాయ ఇంత తిన్నారు, ఫలానా టైముకి" అని తప్పకుండా చెప్పండి, మామూలు డ్రగ్ టెస్టుల్లో ఇది పట్టుబడదు, లక్షణాలేమో ఉమ్మెత్త తిన్నట్టే కనిపిస్తాయి.

మరి వంటలో ఎంత? కిలో బియ్యం బిర్యానీకి పావు కాయ చాలు, అంటే గ్రామున్నర, పది మంది తింటే ఒక్కొక్కరికి వచ్చేది చాలా కొంచెం, భయం అక్కర్లేదు. పాయసానికి, పాలకి ఒక చిటికెడు. అదే పదార్థం జాపత్రిలోనూ ఉంది, రెండూ వేస్తే కాస్త చెయ్యి తగ్గించండి. పసిపిల్లలు నిద్రపోతారని సాన మీద అరగదీసి నాకించే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది చూడండి, అది మానేయడమే మంచిదని నా అభిప్రాయం, నాలుగైదు కిలోల బిడ్డకి ఎంత వెళ్ళిందో కొలిచేదెవరు? కుక్కలకి కూడా జాజికాయ వేసినవి పెట్టకండి.