తండ్రి పోయిన పిల్లాడి గురించి క్లాస్ టీచర్‌కు మెయిల్: సమస్య - పరిష్కారం

ఒక ఉదాహరణ తీసుకుందాం. గాజువాకలో మూడో తరగతి చదివే బాబు. నాన్న గుండెపోటుతో పోయారు. తలకొరివి పెట్టింది బాబే కాబట్టి గుండు కూడా చేయించారు. పెద్దకర్మ అయ్యాక సోమవారం నుంచి బడికి వెళ్తాడు. తల్లి రాసే స్థితిలో లేదు, బాబాయి మెయిల్ పంపారు.

సమస్య: మెయిల్ పంపినా బడిలో ఎవరికీ తెలియనట్టే ఉంది

ఇన్నాళ్లు ఎందుకు రాలేదని లెక్కల టీచర్ అందరి ముందూ అడిగారు. గుండు చూసి తిరుపతి వెళ్లొచ్చావా అన్నారు పీటీ సార్.

కారణం: సబ్జెక్ట్‌లో "లీవ్ లెటర్" అని ఉంది. హాజరు కోసమే అనుకుని టీచర్ దాన్ని పక్కన పెట్టేశారు. పైగా అది బాబాయి ఐడీ నుంచి వచ్చింది. బడి రికార్డులో ఉన్నవి అమ్మానాన్నల ఐడీలే.

పరిష్కారం: తల్లి ఐడీ నుంచి పంపండి. కుదరకపోతే ఆమెను సీసీలో పెట్టి, రాస్తున్నది ఎవరో మొదటి వాక్యంలోనే చెప్పండి. సబ్జెక్ట్ ఇలా ఉండాలి: "3-బి, రోల్ నంబర్ 17, తండ్రి మరణం, సోమవారం బడికి వస్తున్నాడు". బాబు వెళ్లే రోజుకు కనీసం రెండు పనిదినాల ముందు పంపి, ఆఫీసుకు ఫోన్ చేసి టీచర్ చూశారో లేదో కనుక్కోండి. మిగతా టీచర్లకు ఎవరు చెప్పాలన్నది టీచర్ ఊహకు వదలకండి, మెయిల్‌లోనే అడగండి.

సమస్య: ఇంట్లో ఒక మాట, బడిలో ఇంకో మాట

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. నాన్న చనిపోయారని ఇంట్లో చెప్పారు. బడిలో ఆయా దగ్గరికి తీసుకుని "నాన్న ఊరెళ్లాడు, వచ్చేస్తాడులే" అంది. ఆమెది ప్రేమే, కానీ బాబు ఆ రోజంతా గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎనిమిదేళ్లకు చాలామంది పిల్లలకు పోయినవాళ్లు తిరిగి రారని అర్థమవుతుంది. అయినా పెద్దవాళ్లు ఆశ పెడితే నమ్మేస్తారు. "నిద్రపోయారు" అంటే కొందరికి పడుకోవాలంటేనే భయం పట్టుకుంటుంది.

పరిష్కారం: బాబుకు ఏం చెప్పారో అదే మాట మెయిల్‌లో రాయండి. తోటి పిల్లలకు ఎంతవరకు చెప్పాలో రాసే ముందు బాబునే అడగండి. ఎనిమిదేళ్ల పిల్లాడు ఆ సంగతి చెప్పగలడు. ఈ బాబు కోసం రాయాల్సింది సుమారు ఇంతే:

> మేడమ్ గారికి నమస్కారం. నేను 3-బి లో చదివే బాబుకు బాబాయిని. మా అన్నయ్య ఈ నెల 4న గుండెపోటుతో చనిపోయారు. నాన్న చనిపోయారని, ఇక రారని బాబుకు చెప్పాం. దయచేసి అక్కడ కూడా "చనిపోయారు" అనే అనండి. బాబే కర్మ చేశాడు కాబట్టి గుండు ఉంది. టోపీ పెట్టుకోనివ్వండి. తను రాకముందే క్లాసులో పిల్లలకు మీరు ఒక్కసారి చెప్తే చాలు, తనను నిలబెట్టి ఏమీ అడగొద్దని కోరాడు. ఏడుపొస్తే మీకు చెప్పి లైబ్రరీలో పది నిమిషాలు కూర్చోనివ్వండి. మిగతా టీచర్లకు, పీటీ సార్‌కు, ఆయాకు ఈ విషయం మీరే చెప్పగలరా? కబురు చేయాలంటే నా నంబర్‌కే చేయండి.

తెలుగులో రాసినా ఫర్వాలేదు. ఆసుపత్రి వివరాలు, అప్పుల సంగతులు అక్కర్లేదు.

సమస్య: కడుపునొప్పి అంటున్నాడు, కాసేపటికే ఆడుకుంటున్నాడు

నటిస్తున్నాడని టీచర్ అనుకుంటారు. పిల్లల్లో దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో మామూలుగా ఆడుకుంటారు. ఇది మెయిల్‌లో ఒక వాక్యంగా రాయండి. నొప్పి అన్న ప్రతిసారీ ఇంటికి పంపితే బడికి రావడమే మానేస్తాడు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ క్లాసుకు పంపమనండి. నొప్పి రోజూ వస్తుంటే మాత్రం పిల్లల డాక్టర్‌కు చూపించాలి.

సమస్య: బడి నుంచి పోయినాయన ఫోన్‌కే కాల్స్, మెసేజ్‌లు

అత్యవసర నంబర్ల జాబితాలో మొదటిది నాన్నదే. అది మార్చమని ఆఫీసుకు విడిగా రాయండి. స్కూల్ యాప్, వాట్సాప్ గ్రూప్, సాయంత్రం బాబును తీసుకెళ్లేవాళ్ల పేరు కూడా అందులోనే చెప్పండి. క్లాస్ టీచర్‌కు రాస్తే ఇవి మారవు.

సమస్య: రెండు నెలలు బాగానే ఉండి, తర్వాత చదువు తగ్గింది

ఇంట్లో చుట్టాల సందడి తగ్గాక లోటు తెలుస్తుంది. అప్పటికి టీచర్ మొదటి మెయిల్ మర్చిపోయి ఉంటారు. ఆరు వారాలకు రెండో మెయిల్ పంపండి. మాసికాలు, నాన్న పుట్టినరోజు తేదీలు రాయండి. "మా నాన్న" వ్యాసం ఇచ్చేటప్పుడు ముందుగా తెలియజేయమనండి. జూన్ మూడో ఆదివారం ఫాదర్స్ డే. బడులు తెరిచిన కొత్తలోనే వస్తుంది, అప్పటికి టీచర్ కూడా మారి ఉంటారు. కాబట్టి కొత్త టీచర్‌కు జూన్ మొదట్లోనే మళ్లీ రాయాలి.

"నాన్న దగ్గరికి వెళ్లిపోతా" అని బాబు అంటే అదే రోజు ఫోన్ చేయమని టీచర్‌ను కోరండి. చాలాసార్లు అది బెంగే, అయినా ఊరికే వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.