ఆ ₹400 ఎక్కడ్నుంచి వచ్చింది? యాడ్ రిపోర్టు సారాంశంలోని అంకెలు సరిచూడడం ఎలా

సోమవారం పొద్దున బస్సు సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుపోయి ఉండగా ఫోన్ మోగింది. మారతహళ్లిలో ఉంటూ ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే అక్క. ఆమె యాడ్స్ నేనే చూస్తాను.

“తమ్ముడూ, ఒక్కో ఆర్డర్‌కి యాడ్ ఖర్చే నాలుగొందలా? అరకిలో గోంగూర మీద నాకు మిగిలేదెంత అనుకున్నావ్? ఈ పూటే ఆపేసెయ్ అన్నీ.”

ఆ నాలుగొందలు నేను రాసింది కాదు. గూగుల్ యాడ్స్ లెక్కలు తీసుకుని తెలుగులో ఒక పేరా రాసి పంపే ఏఐ టూల్ ఒకటి పెట్టుకున్నాం. ప్రతి సోమవారం ఏడింటికి ఆ పేరా నేరుగా అక్క వాట్సాప్‌కి వెళ్లిపోతుంది. నేను చదవకముందే వెళ్లడం నా తప్పే. ఆ రోజు వెళ్లిన పేరా ఇది. అంకెలు మార్చాను, తప్పుల తీరు మార్చలేదు.

> ఈ వారం ప్రకటనల ఖర్చు ₹24,680, వచ్చిన ఆర్డర్లు 95. కిందటి వారంతో పోలిస్తే ఆర్డర్లు 25 శాతం పెరిగాయి. ప్రకటనలు 23.4 లక్షల సార్లు కనిపించాయి. సగటు సీటీఆర్ 5.5 శాతం, ఈ రంగపు సగటు 2.1 శాతం కంటే ఇది రెట్టింపుకు పైనే. ఒక్కో ఆర్డర్‌కు ₹400 ఖర్చయింది. సగానికి పైగా ఆర్డర్లు బ్రాండ్ సెర్చ్ నుంచే వచ్చాయి. పండగ గిరాకీ వల్లే ఈ పెరుగుదల.

చదవడానికి ఎక్కడా అడ్డు తగలదు. అసలు చిక్కు అదే. మనిషి తప్పు రాస్తే వాక్యం ఎక్కడో తడబడుతుంది. ఇలాంటి టూల్ తప్పు అంకెనూ ఒప్పు అంకెనూ ఒకే ధీమాతో రాస్తుంది. కాబట్టి చదివి పట్టుకోవాలని చూడకండి, పక్కన అసలు లెక్క పెట్టుకుని సరిచూడండి.

మొదట మూలాన్ని కదలకుండా పెట్టుకోండి

గూగుల్ యాడ్స్‌లో Campaigns పేజీకి వెళ్లి, సారాంశం ఏ తేదీలదో అవే తేదీలు పెట్టి, రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకోండి. సారాంశం తయారైన రోజే చేయండి, ఫైల్ పేరులో ఆ తేదీ రాయండి. ఇంత పట్టింపు ఎందుకంటే, గూగుల్ యాడ్స్‌లో Conversions కాలమ్ ఆర్డర్‌ను అది వచ్చిన రోజు కింద కాదు, యాడ్ నొక్కిన రోజు కింద రాసుకుంటుంది. శనివారం యాడ్ నొక్కిన మనిషి బుధవారం కొంటే ఆ ఆర్డర్ వెనక్కి వెళ్లి శనివారం ఖాతాలో పడుతుంది. అంటే అయిపోయిన వారం అంకె కూడా ఇంకా పెరుగుతూనే ఉంటుంది. పది రోజుల తర్వాత డౌన్‌లోడ్ చేసి పోలిస్తే ఒప్పు కూడా తప్పులా కనిపిస్తుంది.

ఫైల్ తెరిచాక అడుగున Total అని మొదలయ్యే వరుసలు ఉంటే తీసేయండి. వాటితో కలిపి కూడితే మొత్తం రెట్టింపో, అంతకంటే ఎక్కువో అవుతుంది. సారాంశంలో ఖర్చు రెండింతలో మూడింతలో కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఆ వరుసల్నే.

అక్క ఖాతా ఆ వారం ఇలా ఉంది:

| Campaign | Impr. | Clicks | Cost | Conversions |
|---|---|---|---|---|
| బ్రాండ్ సెర్చ్ | 4,000 | 480 | 2,880 | 48 |
| జనరల్ సెర్చ్ | 30,000 | 1,200 | 16,800 | 42 |
| డిస్‌ప్లే | 2,00,000 | 1,000 | 5,000 | 5 |

షాపు పేరు కొట్టి వెతికేవాళ్లకు కనిపించేది బ్రాండ్ సెర్చ్. “ఆంధ్రా పచ్చళ్లు” లాంటివి వెతికేవాళ్లకు కనిపించేది జనరల్. వేరే సైట్లలో బొమ్మలుగా కనిపించేది డిస్‌ప్లే. ఇక్కడ Conversions అంటే కొనుగోళ్లే లెక్కించేలా పెట్టాం. మీ ఖాతాలో ఫోన్ కాల్స్, ఫారాలు కూడా అందులో కలిసి ఉంటే, సారాంశంలో “ఆర్డర్లు” అన్న మాటే తప్పు.

ప్రతి అంకె కింద గీత గీయండి, మాటల్లో దాక్కున్నవాటి కింద కూడా

పేరాను కాగితం మీద ప్రింట్ తీసుకుంటే ఇంకా మంచిది. నేను ఇప్పటికీ పెన్నుతోనే చేస్తాను. ₹24,680, 95 లాంటివి ఎలాగూ కనిపిస్తాయి. “రెట్టింపుకు పైనే”, “సగానికి పైగా” అన్నవీ అంకెలే. “వల్లే” అన్నది అంకె కాకపోయినా రుజువు కావాల్సిన మాటే, దాని కిందా గీత పడాలి.

గీత గీసిన ప్రతిదాని పక్కనా మూడింటిలో ఒక గుర్తు పెట్టండి. ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు తీసుకున్నదైతే ‘ఎ’ అంటే ఎత్తింది. ఫైల్‌లోని అంకెలతో లెక్క కట్టిందైతే ‘క’. ఫైల్‌లో దానికి ఆధారమే లేకపోతే సున్నా. ఈ గుర్తులు పెట్టేసరికే సగం పని అయిపోతుంది, ఎందుకంటే ఒక్కో రకానికి సరిచూసే పద్ధతి వేరు.

ఎత్తిన అంకె: విలువ దొరికితే చాలదు

నేను చాలా రోజులు Ctrl+F కొట్టి, అంకె ఫైల్‌లో దొరికితే టిక్ పెట్టేసేవాణ్ణి. ఆ పద్ధతిలో ఈ ₹400 కూడా పాసైపోతుంది. టూల్ తీసుకున్న రిపోర్టులో Cost / conv. కాలమ్ కూడా ఉంది. అందులో జనరల్ సెర్చ్ వరుసలో నిజంగానే 400 ఉంది: 16,800ను 42తో భాగిస్తే వచ్చేది అంతే. టూల్ ఆ ఒక్క క్యాంపెయిన్ అంకెను తెచ్చి ఖాతా మొత్తానికి అంటించింది.

నా అనుభవంలో గాలిలోంచి పుట్టిన అంకెల కంటే ఇలా చోటు మారిన అంకెలే ఎక్కువ. అందుకే మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఏ వరుసలోది? ఏ కాలమ్‌లోది? ఏ తేదీలది? వాక్యం చెప్పేదీ, ఫైల్‌లో ఆ గడి చెప్పేదీ మూడింటిలోనూ కలిస్తేనే టిక్.

లెక్క కట్టిన అంకె: మీరే మళ్లీ కట్టండి

షీట్‌లో A కాలమ్‌లో క్యాంపెయిన్ పేరు, B నుంచి E దాకా పై పట్టికలోని క్రమంలోనే అంకెలు ఉన్నాయనుకోండి. రెండు ఫార్ములాలు చాలు.

```
=SUM(C2:C4)/SUM(B2:B4)
=SUM(D2:D4)/SUM(E2:E4)
```

మొదటిది సీటీఆర్, అంటే యాడ్ కనిపించిన ప్రతి వంద సార్లకు ఎన్నిసార్లు నొక్కారో. 2,680 క్లిక్‌లను 2,34,000తో భాగిస్తే 1.15 శాతం. మరి సారాంశంలోని 5.5 ఎక్కడిది? మూడు క్యాంపెయిన్ల సీటీఆర్‌లు 12, 4, 0.5 శాతం. వాటిని కూడి మూడుతో భాగిస్తే సరిగ్గా 5.5. నాలుగు వేల సార్లు కనిపించిన బ్రాండ్‌కీ, రెండు లక్షల సార్లు కనిపించిన డిస్‌ప్లేకీ ఒకే తూకం వేసింది టూల్. సగటుల సగటు తీయడం ఈ టూల్స్‌కి పాత అలవాటు. మనుషులకూ ఉందనుకోండి. సారాంశంలో ‘సగటు’ కనపడితే మొదట దీన్నే పరీక్షించండి.

రెండో ఫార్ములా ఒక్కో ఆర్డర్‌కు ఖర్చు. 24,680ని 95తో భాగిస్తే ₹260. అక్క భయపడిన నాలుగొందలకూ దీనికీ ₹140 తేడా.

“సగానికి పైగా బ్రాండ్ నుంచే” అన్నదీ కట్టి చూడాలి: 95లో 48 అంటే 50.5 శాతం. ఒప్పే. అనుమానంతో చూసినంత మాత్రాన ప్రతిదీ తప్పు కావాలనేం లేదు.

ఇక 23.4 లక్షలు. అసలు 2.34 లక్షలు. మిలియన్ల భాషలో 234 వేలు అనుకున్నదాన్ని మన లక్షల్లోకి తెచ్చేటప్పుడు చుక్క జరిగింది. తెలుగులో రాయించుకునే సారాంశాలకు ఇది ప్రత్యేక గండం కాబట్టి లక్ష, కోటి అన్న మాట కనిపించిన ప్రతిచోటా సున్నాలు లెక్కపెట్టండి. టూల్ డేటాను గూగుల్ యాడ్స్ ఏపీఐ నుంచి తీసుకుంటుంటే ఇంకో రెండు కొలతల తేడాలుంటాయి. అక్కడ ఖర్చు `cost_micros` అన్న పేరుతో, రూపాయికి పది లక్షల చొప్పున వస్తుంది. సీటీఆర్ శాతంగా కాక 0.0115 అన్నట్టు దశాంశ రూపంలో వస్తుంది. తప్పు పది, వంద, పది లక్షల రెట్లు లాంటి గుండ్రని తేడాతో ఉంటే అది కొలత తప్పు. దాన్ని పేరాలో దిద్దితే లాభం లేదు, వచ్చే వారం మళ్లీ వస్తుంది. డేటాను టూల్‌కి ఇచ్చే చోటే దిద్దాలి.

పోలిక: రెండు అంకెల వయసూ చూడండి

25 శాతం పెరుగుదల నన్ను కాసేపు తికమక పెట్టింది. కిందటి వారం అంకె ఇప్పుడు చూస్తే 76. 76 నుంచి 95కి 25 శాతమే, లెక్క ఒప్పు. కానీ కిందటి సోమవారం నేను డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న ఫైల్‌లో అదే వారానికి 71 ఉంది. మిగతా ఐదు తర్వాత వచ్చి చేరాయి. ఈ వారపు 95 ఇంకా పసిది, అది కూడా పెరుగుతుంది. వారం వయసున్న అంకెతో నిన్న పుట్టిన అంకెను పోలిస్తే పెరుగుదల తక్కువగా కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే వయసులో ఉన్నప్పటి అంకెలు, అంటే 71, 95 తీసుకుంటే 34 శాతం.

రెండూ మూలంలో ఉన్నవే కాబట్టి ఒకటి అబద్ధం, ఒకటి నిజం అనడానికి లేదు. నేనైతే సోమవారానికి సోమవారం పోలుస్తాను, ఆ సంగతి వాక్యంలోనే చెప్తాను. మొదటి అడుగులో ఫైల్ దాచమన్నది ఇందుకు కూడా. పాత ఫైల్ లేకపోతే 71 అన్న అంకె మీకు దొరకదు.

సున్నా పడ్డవి కొట్టేయండి

“ఈ రంగపు సగటు 2.1 శాతం.” మనం టూల్‌కి ఇచ్చిన ఫైల్‌లో మిగతా పచ్చళ్ల షాపుల లెక్కలు లేవు. ఆ అంకె దాని ఊహ. ఎవరో ఎక్కడో రాసింది కావచ్చు, ఏ దేశానిదో ఏ ఏడాదిదో ఎవరికెరుక. దాని మీద నిలబడ్డ “రెట్టింపుకు పైనే” కూడా దాంతోపాటే పోతుంది. “పండగ గిరాకీ వల్లే” అన్నదీ అంతే. పండగ వచ్చిన మాట నిజం. అదే వారం మేం బడ్జెట్ కూడా 12 శాతం పెంచాం, ఆ సంగతి పేరాలో లేనే లేదు. కారణం మీకు వేరే చోట తెలిస్తే మీ మాటగా రాయండి. లేదంటే వాక్యం తీసేయండి. ఇలాంటి చోట ‘బహుశా’ తగిలించి వదిలేయడం నాకు నచ్చదు, చదివేవాళ్లు ఆ మాటను దాటేసి అంకెనే గుర్తుపెట్టుకుంటారు.

మూడు క్యాంపెయిన్ల ఖాతాకి ఇదంతా ఇరవై నిమిషాల పని. ముప్ఫై క్యాంపెయిన్లుంటే ప్రతిదీ చూడడం కుదరదు. అప్పుడు డబ్బు నిర్ణయం ఆధారపడే అంకెలు, అంటే ఖర్చు, ఆర్డర్లు, ఆర్డర్‌కు ఖర్చు, పెరుగుదల శాతం వదలకుండా చూసి, మిగతావి సారాంశంలోంచే తీయించేస్తాను.

మధ్యాహ్నానికి అక్కకి వెళ్లిన పేరా ఇది:

> ఈ వారం ఖర్చు ₹24,680, ఆర్డర్లు 95, ఒక్కో ఆర్డర్‌కు ₹260. కిందటి సోమవారం నాటి లెక్కతో (71) పోలిస్తే ఆర్డర్లు 34 శాతం ఎక్కువ. ఒక్కో ఆర్డర్‌కు బ్రాండ్ సెర్చ్‌లో ₹60, జనరల్‌లో ₹400, డిస్‌ప్లేలో ₹1,000 పడింది.

ఐదు నిమిషాల్లో మళ్లీ ఫోన్. “సరే, అన్నీ ఆపొద్దులే. మరి ఆ డిస్‌ప్లే ఏంటి తమ్ముడూ, అయిదు ఆర్డర్లకి అయిదు వేలా?”